లాగ్ గ్రాఫు: ఒక లెక్కల మాస్టారి అనుభవ పాఠాలు

ఇంటర్ పిల్లలకు లెక్కలు చెబుతూ తల నెరిసింది. సంవర్గమానం గ్రాఫును చాలామంది విడిగా బట్టీ పడతారు. ఘాత ప్రమేయం గ్రాఫు గీయడం వస్తే అదీ వచ్చినట్టే. ఎలాగో చెబుతాను.

1. ముందు y = 2ˣ గీయండి, తర్వాత జతలు తిప్పండి. x కి −2, −1, 0, 1, 2, 3 ఇస్తే y కి 1/4, 1/2, 1, 2, 4, 8 వస్తాయి. ప్రతి జతలోనూ రెండు అంకెల్నీ తారుమారు చేయండి. (3, 8) కాస్తా (8, 3) అవుతుంది, (0, 1) కాస్తా (1, 0). 2ను మూడో ఘాతానికి పెంచితే ఎంత అన్నదానికి జవాబు 8. 8 రావాలంటే ఎన్నో ఘాతం అన్నదానికి జవాబు 3. ఈ రెండో ప్రశ్నే y = log₂x.

2. రెండు అక్షాల మీదా ఒకే స్కేలు తీసుకోండి. ఇక్కడ అద్దం y = x రేఖ. స్కేళ్లు వేరైతే అది 45 డిగ్రీల్లో ఉండదు, బొమ్మ ప్రతిబింబంలా కనబడదు. సరిగ్గా గీస్తే, ఆ రేఖ వెంబడి కాగితం మడిచి కిటికీ వెలుతురుకు పట్టుకున్నప్పుడు ఒక వక్రం మీద రెండోది అతికినట్టు కూర్చుంటుంది.

3. జతలు తిరిగితే అన్నీ తిరుగుతాయి. 2ˣ కి ప్రదేశం వాస్తవ సంఖ్యలన్నీ, వ్యాప్తి ధన సంఖ్యలు మాత్రమే. లాగ్‌కి ప్రదేశం ధన సంఖ్యలు, వ్యాప్తి వాస్తవ సంఖ్యలన్నీ. 2ˣ ఎడమవైపు పోయేకొద్దీ x-అక్షానికి దగ్గరవుతుంది కానీ తాకదు. కాబట్టి లాగ్ కిందికి దిగేకొద్దీ y-అక్షానికి దగ్గరవుతుంది కానీ తాకదు. అదే దాని అనంతస్పర్శరేఖ, x = 0.

4. కుడివైపు వక్రాన్ని బల్లపరుపుగా ఆపేయకండి. పేపర్లు దిద్దేటప్పుడు ఎక్కువగా కనబడే తప్పు ఇదే. లాగ్ నెమ్మదిగా పెరుగుతుంది, నిజమే. సెంటీమీటరు ఒక యూనిట్ అనుకుంటే, 10 సెంటీమీటర్ల ఎత్తు చేరడానికి 1024 సెంటీమీటర్లు, అంటే పది మీటర్లకు పైగా కుడివైపుకు పోవాలి. అయినా చేరుతుంది. 2ˣ లో x కి ఎంత పెద్ద సంఖ్యనైనా ఇవ్వవచ్చు కనక, లాగ్ అందుకోలేని ఎత్తంటూ లేదు. దానికి క్షితిజ అనంతస్పర్శరేఖ ఉండదు.

5. వక్రం జరిగితే అనంతస్పర్శరేఖ ఎటు పోయిందో ముందు చూడండి. y = log₂(x − 3) + 1 ఇచ్చారనుకోండి. అలవాటుకొద్దీ ప్రదేశం x > 0 అని రాసేస్తారు. బ్రాకెట్లో ఉన్నది ధనం కావాలి, కాబట్టి x > 3. అనంతస్పర్శరేఖ x = 3కి జరిగింది. చివరి +1 వక్రాన్ని ఒక మెట్టు పైకి లేపుతుందే తప్ప నిలువు గీతను కదపదు. (4, 1), (5, 2), (3.5, 0) గుర్తించి కలపండి. సరిచూసుకోవాలంటే దీని విలోమం y = 2ˣ⁻¹ + 3 తీసుకోండి. అందులో x = 1 వేస్తే 4 రావాలి. దాని అనంతస్పర్శరేఖ y = 3 కావాలి. ఈ రెండూ కుదిరితే మీ గ్రాఫుకు మార్కులు పోవు.