పుర్రె, బొటనవేలు, కన్నీళ్ల నవ్వు

మన క్లాస్ గ్రూపులో ఎవరైనా మంచి జోక్ వేస్తే కింద వరసగా 💀💀 పడతాయి. అదే పుర్రె ఇంటి గ్రూపులో పడితే "ఎవరికేమైందిరా?" అని ఫోన్ వస్తుంది. పెద్దవాళ్లకి ఎమోజీలు రావు అని మనం తేల్చేస్తాం గానీ, అది సరైన కారణం కాదనిపిస్తుంది నాకు. ఒక బొమ్మని మనిషి ముందు ఎక్కడ చూశాడో, అక్కడి అర్థాన్నే ఫోన్లోకి తెచ్చుకుంటాడు.

ఖమ్మం వైపు మిర్చి, పత్తి వేసే ఇళ్లల్లో పుర్రె బొమ్మ ఉండేది పురుగుమందు డబ్బా మీద. 1971 నాటి క్రిమిసంహారక మందుల నిబంధనల ప్రకారం ప్రతి డబ్బా మీదా డైమండ్ ఆకారంలో ఒక గుర్తు ఉంటుంది. దాని కింది సగంలో రంగు ఉంటుంది. ఎరుపైతే అన్నిటికంటే తీవ్రమైన విషం, ఆ తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. పుర్రె, ఎముకల బొమ్మ వేసేది ఎరుపు డబ్బాకే. అక్షరం రానివాళ్లు కూడా చూడగానే చెయ్యి వెనక్కి తీసుకోవాలని పెట్టిన బొమ్మ అది. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర వేలాడే ప్రమాదం బోర్డు మీదా అదే ఉంటుంది. ముప్పై, నలభై ఏళ్లు ఆ బొమ్మని అలా చదివిన కళ్లు, మన జోక్ కింద చూసి నవ్వుతాయా?

తమాషా ఏంటంటే, ఈ జోక్ వాళ్లదే. "నవ్వలేక చచ్చాం" అనే మాట మన అమ్మమ్మలు రోజూ అనేదే. మాటలో చావుంటే నవ్వుతారు, బొమ్మలో ఉంటే ఉలిక్కిపడతారు. కాబట్టి ఇంట్లోవాళ్లకి ఆ మాటే టైప్ చేస్తే సరిపోతుంది.

😂 సంగతి ఇంకా చిన్న చోట తేడా కొడుతుంది. యూనికోడ్‌లో దీని పేరుకి అర్థం ఆనందబాష్పాల ముఖం అని. కానీ చిన్న స్క్రీన్ మీద, కళ్లద్దాలు లేకుండా చూస్తే ముందు కనబడేది నోరు కాదు, రెండు వైపులా ఉన్న పెద్ద నీటిబొట్లు. వాట్సాప్‌లో 2022లో రియాక్షన్లు వచ్చినప్పుడు ఇచ్చిన ఆరు బొమ్మల వరసలో 😂 మూడోది, 😢 ఐదోది. నిజంగా ఏడ్చే ముఖానికి ఒకటే చుక్క. కన్నీళ్లు ఎక్కువున్నది ఎక్కువ బాధ అనుకుని, చావు కబురు మీద 😂 నొక్కే పెద్దాయన్ని తప్పుపట్టలేం. మనం మాత్రం తక్కువా? వెక్కి వెక్కి ఏడ్చే 😭ని నవ్వుకి వాడుతున్నాం.

ఈ రెండింటివల్లా పోయేది కాస్త పరువే. అసలు చిక్కు 👍తో.

మనకది "సరే, ఇక ఆపు" అన్నట్టు పొడిగా వినిపిస్తుంది. నాన్నలకి మర్యాదైన జవాబు. ఈ తేడా ఎలాగూ సర్దుకుంటుంది. సర్దుకోనిది ఇంకోటి ఉంది: ఆ వేలికి అర్థం "చూశాను" అనా, "ఒప్పుకున్నాను" అనా? కెనడాలోని సస్కాచవాన్‌లో 2021లో ఒక ధాన్యం కంపెనీ 87 టన్నుల అవిసె గింజల ఒప్పందం ఫోటో పంపి, ఖాయం చెయ్యమని అడిగింది. రైతు 👍 పెట్టాడు. తర్వాత ధర పెరిగింది, సరుకు రాలేదు. అందింది అని చెప్పడానికే పెట్టానన్నాడు రైతు. వాళ్లిద్దరూ అంతకుముందు కూడా ఇలాంటి పొట్టి మెసేజ్‌లతోనే ఒప్పందాలు చేసుకున్నారు కాబట్టి ఇది సంతకమే అంది కోర్టు. 2023లో సుమారు 82 వేల కెనడా డాలర్లు కట్టమంది. మద్రాసు హైకోర్టు ముందుకొచ్చిన కేసు దీనికి తిరగబడి ఉంటుంది. ఒక అధికారి హత్య గురించి గ్రూపులో వచ్చిన మెసేజ్‌కి రైల్వే రక్షణ దళం కానిస్టేబుల్ 👍 పెట్టాడని ఉద్యోగం తీసేశారు. చూశానని చెప్పడం కూడా కావచ్చు, హత్యని మెచ్చుకున్నట్టు కాదంది కోర్టు 2024లో. వేలు ఒకటే. ముందున్న మెసేజ్, వాళ్ల పాత అలవాటు కలిసి అర్థం తేల్చాయి.

మన దగ్గర దీన్ని గోదావరికి పెట్టి చూడండి. భద్రాచలం దగ్గర 43 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 2022 జులైలో 71 అడుగులు దాటింది. అలాంటి రాత్రి అడవి అంచు ఊళ్లో ఉన్న మామయ్యకి "రెండో హెచ్చరిక ఇచ్చారు, పైకి వెళ్లిపోండి" అని పంపితే 👍 వచ్చిందనుకుందాం. చదివాడా, వెళ్తానంటున్నాడా, వెళ్లిపోయాడా? ఆ తర్వాత సిగ్నల్ పోతే అడగడానికీ ఉండదు. అందుకే మెసేజ్‌నే వేలితో జవాబివ్వడం కుదరనట్టు రాయాలి: "మామయ్యా, ఎన్నింటికి బయల్దేరారు? అత్తయ్య మీతోనే ఉందా? ఇప్పుడు ఏ ఊళ్లో ఉన్నారు?"