నేచురల్, డెర్మటాలజిస్ట్ టెస్టెడ్, క్లినికల్లీ ప్రూవెన్: ప్యాకెట్టు మీది మాటలను పరీక్షించడం ఎలా?

విజయవాడ బీసెంట్ రోడ్డులో ఏ ఫ్యాన్సీ షాపుకి వెళ్లినా, గుడివాడ, ఉయ్యూరు, తెనాలి వైపు ఏ కిరాణా కొట్టులో అడిగినా తలకు వేసుకునే నల్ల హెన్నా ప్యాకెట్టు దొరుకుతుంది. మనం ఈ రోజు అలాంటి ప్యాకెట్టునే చేతిలోకి తీసుకుని చదవడం నేర్చుకుందాం. ఇది ఏ ఒక్క కంపెనీదో కాదు. ఇలాంటి ప్యాకెట్ల మీద మామూలుగా కనిపించే మాటలను ఒకచోట చేర్చిన నమూనా: ముందు వైపు ఆకుపచ్చ రంగు, గోరింటాకు బొమ్మ, ‘నేచురల్’, ‘డెర్మటాలజిస్ట్ టెస్టెడ్’, ‘క్లినికల్లీ ప్రూవెన్’, ‘నో అమ్మోనియా’. సబ్బుకైనా, షాంపూకైనా, ఫేస్ క్రీముకైనా పద్ధతి ఇదే. తలరంగుతో మొదలుపెట్టడానికి ఒక కారణం ఉంది. ఇందులో మాట నమ్మి మోసపోతే డబ్బుతో పోదు, ముఖం వాచిపోయే ప్రమాదం కూడా ఉంటుంది.

కావలసినవి

- ఇంకా చింపని ప్యాకెట్టు. అట్టపెట్టె ఉంటే అది కూడా, లోపలి సూచనల కాగితంతో సహా.
- కెమెరా ఉన్న ఫోను. వెనక వైపు అక్షరాలు చాలా చిన్నవి. ఫొటో తీసి పెద్దది చేసి చదివితే ఒక్క పేరూ తప్పిపోదు.
- కాగితం, పెన్ను.
- కొన్న బిల్లు. ఇది చివర్లో పనికొస్తుంది, పారేయకండి.

చేసే పద్ధతి

1. ముందు వైపు మాటలను కాగితం మీదికి దించుదాం. ఒక్కో మాట ఒక్కో వరుసలో రాయండి. ప్రతి మాట పక్కన మూడు ప్రశ్నలకు చోటు వదలండి: ఏది పరీక్షించారు? ఎంతమంది మీద? దేనితో పోల్చి? బొమ్మలు, రంగులు కంటికి దూరమయ్యాక మాటలు ఒంటరిగా నిలబడతాయి, అప్పుడు వాటిని నిలదీయడం తేలిక. ఈ మెట్టును వదిలేసి నేరుగా వెనక్కి తిప్పేవాళ్లు ఎక్కువ. అలా చేస్తే ఏ మాటను పరీక్షిస్తున్నామో మధ్యలోనే మరిచిపోతాం.

2. లైసెన్స్ నంబరు వెతుకుదాం. ఇప్పుడు వెనక్కి తిప్పండి. మన దేశంలో తయారైన కాస్మెటిక్ మీద ‘ఎం’ అనే అక్షరం లేదా ‘ఎం.ఎల్. నంబరు’ అన్న మాటతో మొదలయ్యే తయారీ లైసెన్స్ నంబరు ఉండాలి. బ్యాచ్ నంబరు, ఎప్పటిలోగా వాడాలో తేదీ, తయారీదారు చిరునామా కూడా ఉండాలి. ఇవి లేని ప్యాకెట్టును అక్కడే తిరిగి ఇచ్చేయండి, మిగతా పరీక్షలు అనవసరం.

ఒక జాగ్రత్త. లైసెన్స్ ఉందంటే ముందు వైపు మాటలన్నిటినీ ప్రభుత్వం పరీక్షించి ఒప్పుకుందని కాదు. ఆ వస్తువును తయారు చేయడానికి అనుమతి ఉందని మాత్రమే. కాస్మెటిక్ లైసెన్స్ ఉన్న వస్తువు పని శుభ్రపరచడం, అందం పెంచడం, రూపం మార్చడం. రోగం నయం చేస్తానని దాని మీద రాస్తే, అది తన హద్దు దాటినట్టే.

3. ‘నేచురల్’ను పరీక్షిద్దాం. ఇక్కడ తీరిగ్గా ఆగుదాం. ముందుగా మనకు తెలిసిన సంగతి నుంచి మొదలుపెడదాం. ఆషాఢంలో గోరింటాకు రుబ్బి చేతికి పెట్టుకుంటే ఏ రంగు పండుతుంది? ఎరుపు, నారింజ. గోరింటాకులో ఉన్న లాసోన్ అనే రంగు పదార్థం ఇవ్వగలిగింది అంతే. తెల్లజుట్టు మీద కూడా అది నారింజ ఛాయలోనే పడుతుంది. మరి ఈ ప్యాకెట్టులో నలుపు ఎక్కడి నుంచి వచ్చింది?

జవాబు పదార్థాల జాబితాలో ఉంటుంది. ‘ఇంగ్రీడియెంట్స్’ అన్న మాట పక్కన పేర్లను బరువు ఎక్కువ ఉన్నదాని నుంచి తక్కువ ఉన్నదాని వరకు రాయాలి. మన నమూనాలో మొదటి పేరు హెన్నా ఆకుల పొడి. అది అబద్ధం కాదు, బరువులో ఎక్కువ భాగం అదే. వేలితో కిందికి వెళ్లండి. పారా ఫినిలిన్ డయమీన్ అన్న పేరు తగిలిందా? మొదట ఇంగ్లిష్ ‘పి’ అక్షరం, పక్కన చిన్న గీత పెట్టి రాసి ఉండవచ్చు. పీపీడీ అన్న పొట్టిపేరుతోనూ ఉండవచ్చు. దాని దగ్గరలో బేరియం పెరాక్సైడ్ కనిపిస్తే సందేహమే అక్కర్లేదు. నీళ్లతో కలిపాక ఆ పెరాక్సైడ్ సాయంతో పీపీడీ నల్లబడుతుంది. జుట్టును నలుపు చేసేది ఈ జంట. గోరింటాకు అక్కడ ఉన్నా, ఆ నలుపు దానిది కాదు.

నీలి ఆకు పొడి కలిపి నలుపు తెచ్చే హెన్నాలు కూడా ఉన్నాయి. అవి నిజంగానే ఆకుల రంగులు. సాధారణంగా గోరింటాకు ఒకసారి, నీలి ఆకు ఇంకోసారి పెట్టాలి, గంటల సమయం పడుతుంది. అందుకే ‘నేచురల్’ అని రాసి, అరగంటలో నలుపు అని చెప్పే ప్యాకెట్టు మీద అనుమానం పెట్టుకోండి. కలిపిన ముద్ద పైన నల్లబడటాన్ని బట్టి తేల్చకండి. నీలి ఆకు పొడి ముద్ద కూడా గాలి తగిలి పైన రంగు మారుతుంది. తేల్చేది జాబితాయే.

ఇంకొక గుర్తు కూడా ఉంది. పీపీడీ ఉన్న తలరంగుల మీద హెచ్చరిక తప్పనిసరి: కొందరికి చర్మం రేగవచ్చని, ముందుగా పరీక్ష చేసుకోవాలని, కనుబొమ్మలకూ కనురెప్పల వెంట్రుకలకూ వాడితే చూపు పోవచ్చని. దాన్ని ఇంగ్లిష్‌తో పాటు స్థానిక భాషలో కూడా రాయాలి. ‘నేచురల్’ అన్న ప్యాకెట్టు మీదే ఆ హెచ్చరిక ఉందంటే, ఆ రెండిటిలో నమ్మాల్సింది హెచ్చరికనే.

‘నో అమ్మోనియా’ నిజమే కావచ్చు. అయితే పీపీడీ ఉందా అన్న ప్రశ్నకు అది జవాబు కాదు. నిజంగా చెట్టు నుంచే వచ్చినదైనా చర్మానికి మెత్తగా ఉంటుందన్న హామీ లేదు. బట్టల మీద చెరగని గుర్తులు పెట్టే నల్లజీడి గింజ రసం చెట్టుదే, ఒంటికి తగిలితే బొబ్బలెక్కుతుంది.

4. ‘డెర్మటాలజిస్ట్ టెస్టెడ్’ను అడుగుదాం. కాగితం మీది మూడు ప్రశ్నలు ఇప్పుడు పనికొస్తాయి. ఈ మాట వెనక సాధారణంగా ఉండేది ప్యాచ్ టెస్ట్: కొద్దిమంది వలంటీర్ల చర్మం మీద వస్తువును పట్టీ కింద అంటించి, ఎర్రబడుతుందా అని వైద్యుల పర్యవేక్షణలో చూడటం. అది పనికొచ్చే పరీక్షే. కానీ అది చెప్పేది చర్మం రేగడం గురించి మాత్రమే. రంగు నిలుస్తుందని గానీ, జుట్టు పెరుగుతుందని గానీ అది చెప్పదు. పరీక్షించారు అన్నారే తప్ప, ఫలితం ఏమిటో ఆ మాటలో లేదని గమనించండి. పైగా పీపీడీ పడని వాళ్లు జనంలో కొద్దిమందే. చిన్న గుంపు మీద చేసిన పరీక్షలో అలాంటివారు ఒక్కరూ లేకపోవచ్చు.

5. ‘క్లినికల్లీ ప్రూవెన్’ పక్కన నక్షత్రం గుర్తు వెతుకుదాం. నిజాయితీగా రాసిన మాట పక్కన చిన్న నక్షత్రం గుర్తు, దాని వివరం ఎక్కడో కింద సన్నటి అక్షరాల్లో ఉంటుంది. అది చదవండి. ఎంతమందిని, ఎన్ని వారాలు చూశారు? కొలిచారా, లేక వాడినవాళ్ల అభిప్రాయం అడిగారా? ‘తొంభై శాతం మంది ఒప్పుకున్నారు’ అన్నది అభిప్రాయ సేకరణ, వైద్య పరీక్ష కాదు.

ఈ తేడా ఎంత పెద్దదో 2022 నాటి సెన్సొడైన్ కేసులో చూడవచ్చు. ఆ టూత్‌పేస్టు ప్రకటనలు ప్రపంచవ్యాప్తంగా దంతవైద్యులు సిఫార్సు చేస్తారని, ప్రపంచంలో నంబర్ వన్ అని చెప్పాయి. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఆధారం అడిగింది. కంపెనీ చూపినవి భారతదేశంలోని దంతవైద్యుల మీద చేసిన మార్కెట్ సర్వేలు. ఆ రెండు మాటల ప్రకటనలను 7 రోజుల్లో ఆపాలని, 10 లక్షల రూపాయల జరిమానా కట్టాలని సంస్థ ఆదేశించింది. అరవై సెకన్లలో పనిచేస్తుందన్న ‘క్లినికల్లీ ప్రూవెన్’ మాట ఔషధ నియంత్రణ అధికారుల దగ్గరికి వెళ్లింది. ఆ ఉత్పత్తులకు ఉన్నది కాస్మెటిక్ లైసెన్స్ అని, ప్రకటన కూడా ఆ పరిధిలోనే ఉండాలని వాళ్లు చెప్పారు. రెండో మెట్టులో మనం లైసెన్స్ చూసింది ఇందుకే.

6. వాడాలనే నిర్ణయించుకుంటే, చెవి వెనక పరీక్ష చేద్దాం. చెవి వెనక గానీ మోచేతి లోపలి వైపు గానీ సబ్బుతో కడిగి తుడవండి. ప్యాకెట్టులో చెప్పినట్టే కలిపి కొద్దిగా రాసి ఆరనివ్వండి. 24 గంటల తర్వాత మెల్లగా కడగండి. దురద, ఎరుపు, వాపు వస్తే ఆ రంగు మీకు వద్దు. అక్కడితో తొందరపడకుండా ఇంకో రోజు చూడమని నా మాట. ఈ అలర్జీ ఆలస్యంగా బయటపడే రకం.

తరచూ జరిగే పొరపాట్లు

చిన్న ప్యాకెట్టులో జాబితా లేదు కాబట్టి రసాయనాలు లేవనుకోవడం మొదటిది. 30 గ్రాముల కన్నా, 60 మిల్లీలీటర్ల కన్నా చిన్న ప్యాకెట్లకు జాబితా వేయక్కర్లేదన్న మినహాయింపు ఉంది. షాపులో అదే రకం పెద్ద ప్యాకెట్టు అడిగి దాని వెనక చదవండి.

‘పదేళ్ల నుంచి వాడుతున్నాను, నాకేం కాలేదు’ అన్న ధైర్యం ఇంకా ప్రమాదకరం. పీపీడీ అలర్జీ ఎన్నో ఏళ్లు వాడాక కూడా మొదలవుతుంది, ఒకసారి మొదలయ్యాక పోదు. అందుకే ప్రతిసారీ ఆరో మెట్టు చేయాలి. రంగు వేసుకున్నాక కనురెప్పలు వాచినా, మాడు మీద రసి కారినా ఇంటి చిట్కాలు పెట్టుకుని కూర్చోకండి. ఊపిరి ఇబ్బంది అయితే వెంటనే ఆసుపత్రికి, లేకపోతే చర్మవ్యాధుల డాక్టరు దగ్గరికి వెళ్లండి. ప్యాకెట్టు వెంట తీసుకెళ్లండి.

షాంపూల దగ్గర ఇంకో పొరపాటు జరుగుతుంది. ముందు ఉసిరి, మందారం బొమ్మలు చూసి సీసా నిండా అవే అనుకుంటాం. జాబితాలో ఫినాక్సీ ఇథనాల్ అన్న పేరు వెతకండి. చెడిపోకుండా కలిపే ఆ పదార్థాన్ని ఒక శాతం మించి వాడరు. ఉసిరి పేరు దాని తర్వాత ఉంటే, అది కూడా ఒక శాతానికి మించదు.

మాట తప్పని తేలితే

ప్యాకెట్టు రెండు వైపులా, బ్యాచ్ నంబరు, బిల్లు ఫొటోలు తీయండి. ముందుగా ప్యాకెట్టు మీది కస్టమర్ కేర్‌కు మన మూడు ప్రశ్నలు రాసి పంపండి. జవాబు రాకపోయినా, పొంతన లేకపోయినా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. తప్పుదోవ పట్టించే ప్రకటన మీద జిల్లా కలెక్టర్‌కు కూడా రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వవచ్చని 2019 వినియోగదారుల రక్షణ చట్టం చెబుతోంది. మీకు నష్టం జరిగి పరిహారం కావాలంటే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలి. ఎక్కడికి వెళ్లినా మొదట అడిగేది ప్యాకెట్టే, కాబట్టి వాడేశాక కూడా దాన్ని దాచి ఉంచండి.