ఆరా, ఎనిమిదా?

సినిమా పనివాళ్ల ఇళ్లలో గోడ కేలండరుకున్న గౌరవం బీరువాకు కూడా ఉండదు. మోతీనగర్, బోరబండ, యూసుఫ్‌గూడ, కృష్ణానగర్ సందుల్లో కాస్ట్యూమర్లు, మేకప్ అసిస్టెంట్లు, లైట్‌మెన్‌లు ఉండే ఏ ఇంటికి వెళ్లినా టీవీ పక్కనో వంటింటి గుమ్మం దగ్గరో అది వేలాడుతుంటుంది. మేనేజర్ ఫోన్ చేసి డేట్ చెప్పగానే చేతికందిన పెన్నుతో ఆ గడిలో గీకేస్తారు. చీటీ కట్టాల్సిన రోజు, గ్యాస్ వచ్చిన రోజు, పాలు రాని రోజు, పెళ్లిళ్లు కూడా అక్కడికే చేరతాయి. ఇంట్లో ఉన్నంతసేపు ఇబ్బంది లేదు. మనిషి ఔట్‌డోర్‌లో, కేలండరు గోడమీద ఉన్నప్పుడే చిక్కు. ఇంటి నుంచి ఫొటో తెప్పించుకుని, దాన్ని తేదీల వారీ జాబితాగా మార్చుకోవాలి.

ఇందులో వ్యక్తిత్వ వికాసం ఏముంది అనకండి. స్పష్టంగా లేనిదాన్ని స్పష్టంగా ఉన్నట్టు చదివేసుకోవడం మనకు బాగా అలవాటు. ఆ అలవాటు ఎంత లోతుగా ఉందో ఈ చిన్న పనిలో బయటపడినంతగా ఇంకెక్కడా బయటపడదు.

ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. తండ్రి కాస్ట్యూమర్. 2025 అక్టోబరు ఆఖరి వారం, ఆయన ఔట్‌డోర్‌లో ఉన్నారు. ఇద్దరు మేనేజర్లు నవంబరు డేట్లు అడుగుతున్నారు. కేలండరు మోతీనగర్ ఇంట్లో ఉంది. కూతురు విజయవాడ హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. తల్లి ఫొటో తీసి పంపితే, జాబితా చేసే పని కూతురి మీద పడింది. గీతలు ఆమెవి కావు కాబట్టి గుర్తున్నదాంతో పూడ్చేసే వీలు లేదు. నిజానికి అది మంచిదే.

మొదటి ఫొటో పనికి రాలేదు. నున్నటి కాగితం మీద ఫ్లాష్ పడి నడిమి రెండు వారాలు తెల్లగా మెరిసిపోయాయి. తల్లి కింద నిలబడి పైకి తీయడంతో పై గడులు నొక్కుకుపోయి, ఏ రాత ఏ గడిదో తేలడం లేదు. కేలండరు దించి, కిటికీ పక్కన బల్లమీద పరిచి, ఫ్లాష్ ఆపేసి, ఫోన్‌ను నిటారుగా పైనుంచి పట్టుకుని తీయమంది కూతురు. నెల పేరు, సంవత్సరం, నాలుగు మూలలూ పడేలా ఒకటి, వారం వారం దగ్గరగా విడివిడిగా కొన్ని. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో చిక్కి సన్న గీతలు మసకబారతాయి. అందుకని డాక్యుమెంట్‌గా పంపమంది. సగం అనుమానాలు ఇక్కడే తీరిపోతాయి. చేతిరాత బాగాలేదని తిట్టుకునే చాలామందికి అసలు బాగాలేనిది ఫొటో.

తర్వాత ఆమె చదవడం మొదలుపెట్టలేదు, లెక్కపెట్టింది. పెన్నుతో రాసినవి మొత్తం 16. అచ్చులో ఉన్నవి లెక్కలోకి రావు. మన కేలండర్లలో ఇది చూసుకోవాల్సిన సంగతి. ప్రతి గడిలో తిథి, నక్షత్రం, వర్జ్యం, వాటి టైములు సన్నటి అక్షరాల్లో ఉంటాయి. తండ్రి రాసిన ‘ఉ 6’ పక్కనే అచ్చులో ఇంకో ‘ఉ’, ఇంకో అంకె ఉంటే, తొందరలో వర్జ్యం టైమును షూటింగ్ టైముగా దింపేసే ప్రమాదం ఉంది. సిరా రంగు చూసి విడదీసుకోవాలి.

గడుల అమరిక సంగతి ఇంకొకటి. 2025 నవంబరు 1 శనివారం. ఆదివారంతో వారం మొదలయ్యే కేలండరులో మొదటి వరసలో ఒక్క 1వ తేదీయే ఉంటుంది, 30 ఆదివారం ఆరో వరసకు పోతుంది. అంత చోటు ఇవ్వలేక చాలా కేలండర్లలో 30ని పైనున్న ఖాళీ గడిలోనో, 23తో కలిపి ఒకే గడిలోనో వేస్తారు. వీళ్ల కేలండరులో 23, 30 ఒకే గడిలో ఉన్నాయి. తను గడులను సరిగా చూస్తోందో లేదో తేల్చుకోవడానికి కూతురు ముందు ఒక గట్టి గుర్తు వెతుక్కుంది. వాళ్ల ఓటు ఇంకా బోరబండలోనే ఉంది. జూబ్లీహిల్స్ ఉప ఎన్నిక పోలింగ్ నవంబరు 11, మంగళవారం. ‘ఓటు’ అన్న రాత సరిగ్గా ఆ గడిలోనే కనిపించింది. అంటే వరసలు తప్పలేదు. బయటి నుంచి తేదీ ఖాయంగా తెలిసిన ఒక్క రాతైనా ఇలా పట్టుకుంటే మిగతావాటిని ధైర్యంగా చదవొచ్చు.

ఇక జాబితా. ఆమె పెట్టుకున్న పద్ధతి చిన్నది. ఫొటోలో కనిపించింది ఉన్నదున్నట్టు కొటేషన్లలో ముందు రాస్తుంది. తను అనుకున్నది ఆ తర్వాత. అనుమానం ఉంటే ప్రశ్న గుర్తు పెట్టి, అది ఏ అనుమానమో చెబుతుంది. రెండు మూడు వరసలు చూడండి.

నవంబరు 7, శుక్రవారం: ‘సారథి ఉ 6’. (?) అంకె 6 కావచ్చు, 8 కావచ్చు. సారథి స్టూడియోస్ అనుకుంటున్నా.

నవంబరు 11, మంగళవారం: ‘ఓటు’. అనుమానం లేదు.

నవంబరు 12, బుధవారం: ‘ప్రసాద్ 3’. (?) చదవడానికి స్పష్టమే, అర్థం తేలదు.

అనుమానాలన్నీ ఒక రకం కావు. 7వ తేదీది అక్షరంలో ఉన్న అనుమానం: 6 పైకొన ముడిపడిపోయి 8లా ఉంది. 12వ తేదీది అర్థంలో ఉన్నది. బంజారాహిల్స్ ప్రసాద్ ల్యాబ్స్‌లో మధ్యాహ్నం మూడింటికి పనా, లేక ప్రసాద్ అనే మనిషికి మూడు వేలు ఇవ్వాలా? స్టూడియోలకు మనుషుల పేర్లున్న పరిశ్రమలో ఈ తంటా రోజూ ఉండేదే. ‘రామానాయుడు’ అని రాసి ఉంటే స్టూడియో అనుకోవచ్చు గానీ, ‘ప్రసాద్’ అంటే ఆ వీధిలోనే నలుగురుంటారు. ఉట్టి ప్రశ్న గుర్తు పెట్టి వదిలేస్తే రేపు తనకే అర్థం కాదు. ‘6 లేదా 8’ అని రాస్తే అడగాల్సిన ప్రశ్న అందులోనే ఉంటుంది.

మూడో రకం తేదీలోనే అనుమానం. ‘షూటింగ్’ అన్న రాత 9వ తేదీ గడిలో మొదలై 10వ తేదీ గడిలోకి సాగింది. మామూలుగా మొదటి అక్షరం ఎక్కడుంటే అదే తేదీ అనుకుంటాం. కానీ 9 ఆ నెల రెండో ఆదివారం. తెలుగు సినీ కార్మికులకు రెండో ఆదివారం సెలవు రివాజు. ఆ రోజు పని అసలే ఉండదని కాదు గానీ, 10 సోమవారానికి రాయబోయి పెన్ను ముందు గడిలో పడిందా అన్న అనుమానం న్యాయమైనదే. కూతురు దాన్ని 10కి మార్చలేదు. 9 అని రాసి, ‘10 కావచ్చు, 9 రెండో ఆదివారం’ అని పక్కన పెట్టింది. 17 నుంచి సాగిన ఔట్‌డోర్ బాణం మొన 20 దగ్గర ఆగిందా, 21లోకి దిగిందా అన్నదీ ఇలాగే ప్రశ్న గుర్తుతో ఉండిపోయింది.

నాకు బాగా నచ్చింది 23, 30 కలిసి ఉన్న గడి. అందులో తల్లి చేతిరాతతో ‘పెళ్లి రా 2-40’ అని ఉంది. ఏ ఆదివారం? నవంబరు చివరి వారంలో శుక్ర మౌఢ్యం మొదలవుతోంది, మూఢంలో మనవాళ్లు పెళ్లి పెట్టుకోరు కాబట్టి 23 అయ్యుండాలి. కూతురు బాగానే ఊహించింది. అయినా ప్రశ్న గుర్తు తీసేయలేదు, శుభలేఖ చూసి చెప్పమని తల్లిని అడిగింది. శుభలేఖలో ‘23వ తేదీ ఆదివారం రాత్రి, తెల్లవారితే సోమవారం’ అని ఉంది. ఇక్కడే ఇంకో గోతి ఉంది. మన పంచాంగం సూర్యోదయంతో రోజు మారుస్తుంది, ఫోన్ కేలండరు అర్ధరాత్రికి మారుస్తుంది. ఈ ముహూర్తాన్ని ఫోన్‌లో 23న 2-40 ఏ.ఎం. అని పెడితే మనిషి ఒక రోజు ముందే పెళ్లికి బయలుదేరతాడు. జాబితాలో అది నవంబరు 24, సోమవారం, తెల్లవారుజామున 2-40. నైట్ షూటింగ్‌లకూ ఇదే జాగ్రత్త కావాలి.

జాబితా తండ్రికి చేరింది. అసలు పరీక్ష ఇప్పుడే.

“నాన్నా, ఏడో తేదీ ఎన్నింటికి రమ్మన్నారు?”

“ఆరు. ఆరే కదమ్మా, కనపడుతోందిగా!”

“కనపడేది కాదు నాన్నా, మేనేజర్ ఫోన్‌లో ఏం చెప్పారు?”

కొంచెం ఆగి, “మేనేజర్‌నే అడుగుతాలే” అన్నారాయన.

రాసినాయనే ఫొటో చూసి చదివి దాన్నే జ్ఞాపకం అనుకుంటే, అది రెండో సాక్ష్యం కాదు, మొదటిదే మళ్లీ చెప్పడం. మేనేజర్‌ను అడిగే తీరులోనూ తేడా ఉంది. “సార్, ఆరింటికే కదా?” అంటే నాలుగు ఫోన్లు మోగుతున్న మనిషి “ఆ, అంతే” అని పెట్టేస్తాడు. “శుక్రవారం ఎన్నింటికి రమ్మంటారు?” అంటే ఆలోచించి అంకె చెప్పక తప్పదు. జవాబు వచ్చేదాకా ఏం చేయాలంటే, జాబితాలో అనుమానం అలాగే ఉంచి, సిద్ధపడేది మాత్రం ఆరింటికి. ముందు వెళ్లినవాడు రెండు గంటలు టీ తాగుతూ కూర్చుంటాడు, అంతే. ఆలస్యంగా వెళ్తే ఆర్టిస్టుకు డ్రెస్ అందక షాట్ ఆగుతుంది. తేదీ అనుమానమైతే 9, 10 రెండూ ఎవరికీ ఇవ్వకూడదు.

రెండో మేనేజర్ 10 ఖాళీయా అని అడిగితే, “సాయంత్రానికి చెప్తా సార్, ఆ డేట్ తేలాలి” అనగలగాలి. మన పనివాళ్లలో చాలామంది ఆ మాట అనడానికి జంకుతారు. పని పోతుందేమోనని “ఖాళీయే” అనేస్తారు. నేను గమనించినంతలో, ఆగి చెప్పినవాడికి పోయేది ఎప్పుడో ఒక డేట్. ఇచ్చి తప్పినవాడికి మాత్రం ఆ మేనేజర్ మళ్లీ ఫోన్ చేయడు.

కొట్టేసిన రాతల్ని కూడా జాబితాలోకి ఎక్కించండి. ఒకరు పని రద్దయితే కొట్టేస్తారు, ఇంకొకరు పని అయిపోయాక కొట్టేస్తారు. ఏది ఎందుకో ఇంట్లో అడిగి పక్కన రాయండి. చివర్లో వరసలు లెక్కపెట్టండి. ఫొటోలో 16 ఉంటే జాబితాలోనూ 16 ఉండాలి. బాణాన్ని ఒక్క వరసగానే లెక్కించండి. 15 వస్తే గడి మూలలో ఏదో దాక్కుని ఉంటుంది. ఇంకొక్క మాట: నెల మారగానే ఆ పేజీ చించేయకండి. పనిచేసిన రోజుల కూలీ, బేటా పూర్తిగా చేతికి వచ్చేదాకా కాగితాన్నీ ఫొటోనూ దాచండి. లెక్క దగ్గర మాట తేడా వస్తే చూపించడానికి మీ చేతిలో ఉండేది అదే.