భాగస్వామి తప్పుకుంటే వాటా లెక్క ఎలా?

పటాన్‌చెరు పారిశ్రామికవాడలో ఇద్దరు కలిసి అద్దె షెడ్డులో జాబ్‌వర్క్ యూనిట్ నడుపుతున్నారనుకుందాం. ఒకరు తప్పుకుంటానంటూ ‘సగం ఇచ్చెయ్’ అన్నారు. రెండోవారు ఖాతా పుస్తకం తీసి, ‘నీ పేరున ఉన్నది 8 లక్షలే’ అన్నారు. డీడ్‌లో లెక్క కట్టే పద్ధతి రాసి ఉంటే దాన్నే పాటించాలి. లేకపోతే ఈ రెండు మాటలూ నిలవవు.

అద్దంకి నారాయణప్ప కేసు తెలుగువారిదే. వడ్లు దంచే, వేరుశనగ ఒలిచే వ్యాపారం కలిసి చేసిన రెండు కుటుంబాల తగాదా అది. ఫర్మ్ నడుస్తుండగా ఫలానా ఆస్తి నాదని ఏ భాగస్వామీ అనలేరనీ, అప్పులు పోగా మిగిలేదాంట్లోనే వాటా అనీ 1966లో సుప్రీంకోర్టు తేల్చింది.

మన యూనిట్ పుస్తకాల్లో యంత్రాలు 20 లక్షలు, రావలసిన బాకీలు 25, సరుకు 6. అప్పులు 30. మిగిలేది 21 లక్షలు. అందులో ఉండేవారి మూలధనం 13, వెళ్లేవారిది 8. ఇప్పుడు ఆ అంకెలను నేటి ధరకు తేవాలి. వాల్యుయర్ యంత్రాలకు 32 లక్షలు కట్టారు, 12 పెరిగింది. బాకీల్లో 5 లక్షలు వసూలయ్యే ఆశ లేదు, అది తీసెయ్యాలి. ఇక గుడ్‌విల్. భాగస్వాముల జీతాలు పోగా మూడేళ్ల సగటు లాభం 10 లక్షలు, దానికి రెండేళ్ల లెక్కన 20 లక్షలని ఒప్పుకున్నారు. మొత్తం పెరుగుదల 27. లాభనష్టాలు చెరిసగం కనుక చెరి 13.5. వెళ్లేవారికి రావలసింది 21.5 లక్షలు. ఆర్డర్లన్నీ ఒక్కరి పరిచయం మీదే వస్తుంటే రెండేళ్ల గుడ్‌విల్ ఎక్కువే. బేరం జరగాల్సింది అక్కడే.

ఇద్దరిలో ఒకరు వెళ్తే మిగిలిన ఒక్కరితో భాగస్వామ్యం ఉండదు. కొత్త భాగస్వామి రాకపోతే ఫర్మ్ ముగిసినట్టే, సొంత పేరున కొత్త జీఎస్టీ నమోదు కావాలి. పాత ఇన్‌పుట్ క్రెడిట్‌నూ అటు బదిలీ చేయించుకోవాలి. ఈ చెల్లింపు మీద పడే పన్ను ఎవరు భరించాలో ఆడిటర్‌ను అడిగి ముందే పత్రంలో రాయండి.

డబ్బు వాయిదాల్లో ఇస్తామంటే తేదీలు, వడ్డీ, చెక్కుల వివరాలు పత్రంలో ఉండాలి. వేరే ఒప్పందం లేకుండా లెక్క తేల్చక వ్యాపారం సాగిస్తే, వెళ్లినవారు తమ సొమ్ముతో వచ్చిన లాభంలో వాటా గానీ, ఏడాదికి 6 శాతం వడ్డీ గానీ కోరవచ్చని 1932 నాటి భాగస్వామ్య చట్టం 37వ సెక్షన్ చెబుతోంది.

వెళ్లేవారికి ఒక్క మాట. మీరిద్దరూ రాసుకున్న పత్రం బ్యాంకును కట్టిపడెయ్యదు. మీ హామీ రద్దయిందని బ్యాంకు రాతపూర్వకంగా ఇచ్చేదాకా ఆ అప్పు మీ మీద ఉన్నట్టే. రిజిస్టరైన ఫర్మ్ అయితే ఫర్మ్స్ రిజిస్ట్రార్‌కు నోటీసు ఇచ్చి, గెజిట్‌లోనూ, జిల్లాలో చదివే తెలుగు పత్రికలోనూ ప్రకటన వేయించండి. అప్పటిదాకా కొత్త అప్పులకూ మిమ్మల్ని లాగవచ్చు.