కుడివైపు తేదీలనే అనుమానించండి

ప్రశ్న: మాది సూర్యాపేట జిల్లా అనంతగిరి మండలం. మా మహిళా సంఘం నడిపే ధాన్యం కొనుగోలు కేంద్రంలో ఎక్సెల్ రిజిస్టర్ నేనే చూస్తాను. నవంబర్‌లో ధాన్యం వచ్చిన తేదీలను 08/11/2024, 13/11/2024, 14.11.24 అని తలా ఒక రకంగా కొట్టారు. వరుసలో పెడితే కొన్ని పైకి, కొన్ని కిందికి పోతున్నాయి. ఫార్మాట్ సెల్స్‌లో డేట్ అని మార్చినా లాభం లేదు. ఎడమవైపుకు అంటుకుని ఉన్నవాటిని ఎలా సరిచేయాలండీ?

జవాబు: అమ్మా, ఎడమవైపు ఉన్నవి టెక్స్ట్‌గా మిగిలిపోయాయి కానీ, మీరు కొట్టింది కొట్టినట్టే ఉన్నాయి. అసలు భయపడాల్సింది కుడివైపు బుద్ధిగా కూర్చున్నవాటి గురించి. మీ కంప్యూటర్ అమెరికా పద్ధతిలో ఉన్నట్టుంది, అంటే ముందు నెల, తర్వాత రోజు. 13/11 చూసి, 13వ నెల లేదు గనుక టెక్స్ట్‌గా వదిలేసింది. 08/11ని మాత్రం ఆగస్టు 11గా చదివి తేదీగా మార్చేసింది. ఆగస్టులో మన దగ్గర నాట్లు పడతాయి, వడ్లు కాంటాకు రావు! ఫార్మాట్ మార్చడం కనిపించే తీరును మారుస్తుందే తప్ప టెక్స్ట్‌ను తేదీ చేయదు.

చుక్కలు తీసి గీతలు పెడదామని ఫైండ్ అండ్ రీప్లేస్ జోలికి వెళ్లకండి. ఆ పని చేస్తే ఎక్సెల్ ఆ గడిని కొత్తగా కొట్టినట్టే మళ్లీ చదువుతుంది. 05.11.24 కాస్తా మే 11 అయిపోతుంది.

తేదీలు A వరుసలో ఉంటే దాన్ని ముట్టుకోకుండా, పక్క ఖాళీ వరుసలో ఇది పెట్టి కిందికి లాగండి:

```
=IF(ISNUMBER(A2),
 DATE(YEAR(A2),DAY(A2),MONTH(A2)),
 DATE(2000+RIGHT(TRIM(A2),2),
  MID(TRIM(A2),4,2),LEFT(TRIM(A2),2)))
```

తేదీగా మారినదైతే రోజును, నెలను తారుమారు చేస్తుంది. టెక్స్ట్ అయితే మొదటి రెండు అంకెలు రోజు, మధ్యవి నెల, చివరి రెండు సంవత్సరం. అందుకే టెక్స్ట్‌లో 5.11.24 అని ఒక్క అంకెతో ఉంటే ముందు 05.11.24గా దిద్దండి. లేకపోతే తప్పు అని చెప్పకుండానే నెలను 1గా తీసుకుంటుంది.

ఒక చిక్కుంది. కొన్ని తేదీలను సరైన సెట్టింగ్ ఉన్న వేరే కంప్యూటర్‌లో కొట్టి ఉంటే, ఈ సూత్రం మంచి తేదీలను చెడగొడుతుంది. కుడివైపు తేదీల్లో రోజు 12 దాటినది ఒక్కటి కనిపించినా అలా జరిగిందని అనుమానించాలి. అప్పుడు గుడ్డిగా లాగొద్దు. రిజిస్టర్ క్రమ సంఖ్య పెరుగుతుంటే తేదీ వెనక్కి పోకూడదు కదా, పోయిన చోటల్లా ట్రక్ షీట్ తీసి చూడండి. రోజు, నెల రెండు సంఖ్యలూ 12 దాటని తేదీకి ఆ కాగితం తప్ప వేరే సాక్ష్యం లేదు.

యాసంగి రిజిస్టర్ తెరిచే ముందు విండోస్ రీజియన్ సెట్టింగ్‌ను English (India)కి మార్చండి. తేదీ వరుసకు dd-mmm-yyyy ఫార్మాట్ పెట్టండి. నెల పేరు అక్షరాల్లో కనిపిస్తుంది గనుక తప్పు పడితే కొట్టినవారికి అప్పుడే తెలుస్తుంది.