పాటల పెట్టె: ప్రశ్నలు - జవాబులు

ప్రశ్న: మాది సిరిసిల్ల. మా వాడలో ఒక జంట విడిపోయింది. వాళ్ల పాపకు ఆరేళ్లు. ఆ పాప పాడుకుంటున్నట్టు పాట రాశాను. ఎవరినీ తప్పుపట్టలేదనే అనుకున్నాను. కానీ చదివిన మిత్రుడు ‘ఇది పాప పాట కాదు, నీ పాట’ అన్నాడు. పల్లవి ఇదీ: ‘తాగుబోతు బాపు వల్ల / చెదిరిపోయె మా కుటుంబం / ఎవరి పాపం, ఎవరి శాపం / మోడువారెను నా బాల్యం.’ ఎక్కడ చెడింది?

జవాబు: మీ మిత్రుడు సరిగ్గానే చెప్పారు. మొదటి పాదంలోనే తీర్పు ఇచ్చేశారు. ‘వల్ల’ అంటే కారణం తెలిసినవాళ్లు మాట్లాడుతున్నట్టు. ఆరేళ్ల పాపకు కారణం తెలియదు, జరిగింది మాత్రమే తెలుసు. ఇక ‘నా బాల్యం’ అని ఏ చిన్నపిల్లా అనదు. బాల్యం దాటాక వెనక్కి చూసుకునేవాళ్ల మాట అది. కుటుంబం, శాపం, మోడు కూడా పెద్దల పంచాయితీలోంచి వచ్చినవే. వాటిని కొట్టేస్తే మీ పల్లవిలో మిగిలేది ‘బాపు’ ఒక్కటే. అక్కడి నుంచే మొదలుపెడదాం.

ముందు పాట కట్టకండి. పాప ఎత్తు నుంచి ఆ ఇంట్లో ఏమేం కనబడతాయో రాసుకోండి. గోడకు చీల, వాకిట్లో సైకిలు, అమ్మ ఒళ్లో బీడీల చాట. తునికాకు తడిపి, కొలత రేకు పెట్టి, కత్తెరతో కోసే ఆ పని పాప రోజూ చూస్తుంది. నాన్న సాంచెల మీద పనిచేసేవాడైతే ఆ చప్పుడులోనే నిద్రపోయి ఉంటుంది. వీటిలో ఏది మారిందో, ఏది మారలేదో పక్కపక్కనే పెడితే చాలు. ఎవరు ఎవరిని వదిలారో చెప్పాల్సిన పనే ఉండదు.

ఇక నడక. మీ పాదాల్లో మాత్రలు ఒక లెక్కన పడలేదు. చిన్నపిల్ల మాటకు మూడు, నాలుగు మాత్రల మిశ్రగతి బాగా కుదురుతుంది. 1910లో గురజాడ ‘ముత్యాల సరాలు’లో నడిపించినది ఇదే. హ్రస్వాక్షరం ఒక మాత్ర, దీర్ఘం రెండు. సున్న ఉన్నా, తర్వాత ఒత్తక్షరం వచ్చినా రెండే. ‘బాపు’ మూడు, ‘సైకిలు’ నాలుగు. ఈ లెక్కలో మీ పాట ఇలా ఉండొచ్చు:

బాపు సైకిలు లేదు వాకిట
అంగి ఒక్కటి ఉంది చీలకు
అమ్మ బీడీ చాట ముందర
ఆకు కోస్తది, పాట లేదు

చివరి పాదంలో ఒక మాత్ర తగ్గింది. తగ్గనివ్వండి, పాడేటప్పుడు అక్కడ గొంతు ఆగాలి. అమ్మ రోజూ కూనిరాగం తీస్తూ పని చేసుకునేదని ఆ రెండు మాటలే చెబుతాయి. ‘పాపం అమ్మ’ అని కలిపారంటే మళ్లీ ఒక పక్షం చేరినట్టే. అంగీ చీలకే ఉండటం కూడా చూడండి. మరిచిపోయాడా, మళ్లీ వస్తాడా, పాపకు తెలియదు. పాటకూ తెలియనక్కర్లేదు.

చరణంలో అవతలి ఇల్లు రావాలి. రాకపోతే కనబడని మనిషే దోషి అయిపోతాడు. చాలా పాటలు చెడేది ఇక్కడే.

ఆదివారం బాపు ఇంట్ల
చారు కారం, అన్నమెక్కువ
ఇంటికొస్తే అమ్మ అడగదు
నేను చెప్పను

బాపుకు వంట సరిగా రాదు, కానీ గిన్నె నిండా పెడతాడు. నిందా లేదు, మెచ్చుకోలూ లేదు. ‘ఇంట్ల’ దగ్గర మాత్ర తగ్గిందని ‘ఇంట్లో’ అని దిద్దకండి. మీ ఊరి పాప ‘ఇంట్ల’ అనే అంటుంది, రాగంలో కొంచెం సాగదీస్తే సరిపోతుంది. చివరి పాదం కావాలనే సగంలో ఆపాను. పిల్లలు రెండిళ్ల మధ్య నేర్చుకునే మొదటి విద్య ఏది చెప్పకూడదో తెలుసుకోవడమే.

పాదాలు దిద్దుకున్నాక మాత్రల మీద ఇంకా మనసు పోతే, మీ పక్కనే హనుమాజీపేటలో పుట్టిన సినారె ఆధునికాంధ్ర కవిత్వంలో సంప్రదాయాలు, ప్రయోగాల మీద చేసిన సిద్ధాంత గ్రంథం వెతికి చదవండి. లావు పుస్తకమే, అయినా ఓపిక పట్టొచ్చు.

ప్రశ్న: కోరుట్ల నుంచి రాస్తున్నాను. మా దగ్గర సగం ఇళ్లలో నాన్నలు గల్ఫ్‌లోనే ఉంటారు. నాన్న ఇంట్లో లేకపోవడం మా పిల్లలకు వింత కాదు. అలాంటప్పుడు ‘నాన్న లేడు’ అని పాట రాస్తే విడిపోయారని వినేవాళ్లకు ఎలా తెలుస్తుంది? ఆ మాట వాడక తప్పదా?

జవాబు: తప్పుతుంది. పైగా ఇంతకన్నా మంచి వస్తువు మీకు దొరకదు. మీ ఊరి పిల్లకు నాన్న పోవడమంటే ఎలా ఉంటుందో ముందే తెలుసు. సూటుకేసు కడతారు, బంధువులు వస్తారు, అందరూ ఏడుస్తారు, తర్వాత సెలవు నాడు వీడియో కాల్ వస్తుంది, రెండేళ్లకో మూడేళ్లకో చాక్లెట్లతో మనిషి వస్తాడు. ఈసారి వాటిలో ఒక్కటీ జరగలేదు. సూటుకేసు మంచం కిందే ఉంది. ఎవరూ సాగనంపలేదు. పైగా బస్టాండు దగ్గర నాన్న కనబడ్డాడు కూడా. ‘దుబాయికి పోలేదు, మరి ఇంటికెందుకు రాడు?’ అనే అనుమానమే మీ పాట. దానికి పాటలో జవాబు ఇవ్వకండి. వినేవాళ్లకు రెండో పాదానికే అర్థమవుతుంది, పాపకు చివరిదాకా కాదు. ఆ తేడానే పాటను నిలబెడుతుంది.

ఒక జాగ్రత్త. నాలుగు నుంచి ఏడేళ్ల పిల్లలు జరిగినదానికి తామే కారణమని తరచూ అనుకుంటారు. ‘నేను పాలు ఒలకబోసిన, అందుకే బాపు పోయిండు’ అన్న పాదం రాయాలనిపిస్తుంది. నిజమైన పాదమే, రాయండి. పెద్దవాళ్లు వినే పాటైతే అలాగే వదిలేయొచ్చు. బడిలో పిల్లలు పాడే పాటైతే మాత్రం వెంటనే బాపమ్మతోనో అమ్మమ్మతోనో ‘పాలకేం బిడ్డా, మళ్ల పిండుకుందాం’ అనిపించండి. లేకపోతే ఆ పాట పాడే పిల్లల్లో ఎవరో ఒకరు ఆ తప్పు తమదేనని మోసుకుంటూ ఇంటికి పోతారు.

ప్రశ్న: జగిత్యాల. చివర్లో అమ్మానాన్నలు కలిసిపోయినట్టు రాశాను. పిల్లల పాట కదా, సంతోషంగా ముగియాలని. బాగుంటుందా?

జవాబు: బాగుండదు. పాప కోరుకోవచ్చు, కల కనొచ్చు, ఇద్దరి చెప్పులూ తెచ్చి గడప దగ్గర జత చేసి పెట్టనూవచ్చు. పాట ఆ కోరిక తీర్చితే, తీరని ఇళ్ల పిల్లలకు అది అబద్ధం అవుతుంది. చెప్పుల దగ్గర ఆపండి. మీ ఊరి అలిశెట్టి ప్రభాకర్ చిన్న కవితలు చూడండి, అనుకున్న చోట టక్కున ఆపడం ఆయన దగ్గర నేర్చుకోవచ్చు.

పూర్తయ్యాక పాటను తల్లి తరఫు వాళ్లొకరికి, తండ్రి తరఫు వాళ్లొకరికి వినిపించండి. ఇద్దరిలో ఎవరికి కోపం వచ్చినా ఏ పాదం దగ్గర వచ్చిందో అడిగి, ఆ పాదం మార్చండి. ఇంకొక మాట, మిగతా పాఠకులకు కూడా. ఇలాంటి పాటలు మాకు పంపేటప్పుడు పాప పేరు, బడి పేరు, వాడ పేరు మార్చి పంపండి. అవి మార్చని పాట ఎంత బాగున్నా మేము వేయం.