బీరువాలో మూడు బాండ్లు

మొన్న పుంగనూరులో మా పిన్ని కూతురింటికి పోయినాను. మాటల్లో "మాకేం భయం లేదక్కా, ఆయన పేరున మూడు పాలసీలున్నాయి" అనింది. ఏవీ, తీయమన్నాను. బీరువాలో చీరల కిందనుంచి ప్లాస్టిక్ కవరొకటి తెచ్చింది.

ఒక బాండుకు 3 లక్షలు, ఇంకోదానికి 2 లక్షలు. మూడోది బాండే కాదు, బ్యాంకు పాస్‌బుక్కులో ఏటా 436 రూపాయలు కోసుకునే ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా. దానికి 2 లక్షలు. మొత్తం 7. ఏజెంటు చెప్పిన "20 ఏళ్లకు ఇంతొస్తుంది" అనే లెక్క ఇక్కడ పనికిరాదు. బాండు మీద బీమా మొత్తం అని ఎంత రాసుందో అదే చూడాల. పాలసీ మీద అప్పు తీసుకునుంటే, అదీ వడ్డీతో సహా అందులోనించి పోతుంది.

మరి ఇంటికి కావలసిందెంత? మా మరిది మదనపల్లె టమాటా మండీలో గుమాస్తా, నెలకు 40 వేలు. అందులో ఆయన సొంత ఖర్చు 8 వేలు, ఇంటి లోను కంతు 14 వేలు. అత్తగారి మందులు, పిల్లల ఫీజులతో కలిపి ఇల్లు నడిచేది మిగిలిన 18 వేలతోనే. ఐదో తరగతి చదివే చిన్నోడు సంపాదనకొచ్చేదాకా 12 ఏళ్లనుకుంటే 26 లక్షలవుతుంది. ధరలు పెరుగుతాయి గానీ, చేతికొచ్చిన డబ్బుకు వడ్డీ కూడా వస్తుంది కాబట్టి రెండింటికీ చెల్లనుకున్నాము.

ఇంటి లోను ఇంకా 14 లక్షలు, నగల మీద లక్షన్నర, కుప్పంలో వాళ్ల బావ దగ్గర చేబదులు లక్షన్నర, అన్నీ కలిపి 17 లక్షలు. ఈ చేబదులు ఏ కాగితంలోనూ ఉండదు, నేను గుచ్చి గుచ్చి అడిగితేనే బయటపడింది! లోను తీర్చే డబ్బు విడిగా పెట్టాం కాబట్టి కంతును ఇంటి ఖర్చులో కలపకూడదు, కలిపితే ఒకే అప్పును రెండుసార్లు లెక్కేసినట్టు. ఇద్దరు పిల్లల పైచదువులకు 12 లక్షలు. అన్నీ కలిపితే 55.

అందులో 7 లక్షల పాలసీలు, 3 లక్షల డిపాజిట్టు తీసేస్తే, తక్కువ పడింది 45 లక్షలు. లోను ఇచ్చేటప్పుడు బ్యాంకు బీమా చేసిందేమోనని సర్టిఫికెట్ వెతికినాం, లేదు. ఉండుంటే ఆ మేరకు తగ్గేది.

పాపం, అది చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఇంకో మనీబ్యాక్ కడదామా?" అనింది. వద్దే తల్లీ! ఈ లోటుకు టర్మ్ పాలసీయే సరి. బతికుంటే పైసా తిరిగిరాదు, అందుకే అంత పెద్ద బీమా తక్కువ ప్రీమియంకు దొరుకుతుంది. మరిదికి షుగరుంది, "రాయకపోతే ఏమి" అన్నాడు. అలా దాస్తే, మొదటి మూడేళ్లలో ఏదైనా జరిగినప్పుడు కంపెనీ ఆ కారణంతోనే క్లెయిమును తోసిపుచ్చవచ్చు. ప్రీమియం కొంచెం పెరిగినా సరే, మీరూ ఉన్నది ఉన్నట్టే రాయించండమ్మా.